చిన్న రంధ్రం, మసక బొమ్మ

పిల్లలూ! దూరపు చూపు సరిగా ఆననివాళ్ళు బోర్డు చదవటానికి కళ్ళు చికిలిస్తారు. వెలుతురు వచ్చే దారి ఇరుకై అక్షరాలు కొంచెం తేటపడతాయి. అలాగయితే కెమేరా లెన్సు రంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే బొమ్మ అంత తేటగా రావాలి గదా? అది కొంతవరకే నిజం. ఆ హద్దు దాటితే బొమ్మ మళ్ళీ మసకబారుతుంది.

ఎందుకో తెలియాలంటే రెండు వేళ్ళను దాదాపు అంటుకునేలా కంటి ముందు పట్టి, ఆ సందులోనుంచి దీపం వెలుగు పడిన గోడను చూడండి. సందులో సన్నని నల్లని చారలు కనిపిస్తాయి. వెలుతురు ఒక అల. ఇరుకు సందులో దూరిన అల తిన్నగా పోక పక్కలకు పరుచుకుంటుంది. దీన్నే వివర్తనం అంటారు.

లెన్సు రంధ్రంలోనూ ఇదే జరుగుతుంది. లెన్సు ఎంత మంచిదయినా నక్షత్రం చుక్కగా పడదు, చిన్న బిళ్ళగా పడుతుంది. ఆ బిళ్ళ ఎంత ఉంటుందో ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జి ఎయిరీ 1835లో లెక్కకట్టాడు. రంధ్రం అడ్డుకొలత సగమైతే బిళ్ళ రెట్టింపవుతుంది.

కెమేరాలో రంధ్రానికి 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని అంకెలుంటాయి. అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 8 దగ్గర రంధ్రం 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. 22 దగ్గర 2 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. పచ్చని వెలుతురుకు బిళ్ళ 8 దగ్గర సుమారు 11 మైక్రాన్లు, 22 దగ్గర సుమారు 30 మైక్రాన్లు. బొమ్మ పడే పలక మీద ఒక్కొక్క గడి 6 మైక్రాన్లుంటే, మొదటి బిళ్ళ రెండు గళ్ళను కప్పుతుంది, రెండోది ఐదు గళ్ళను. ఇక వెంట్రుకలూ, చిన్న అక్షరాలూ విడివిడిగా ఎలా కనిపిస్తాయి?

పోనీ, రంధ్రం పూర్తిగా తెరిస్తే? అప్పుడు లెన్సు అంచులనుంచి వచ్చే కిరణాలు నడిమి కిరణాలు కలిసినచోట సరిగా కలవవు. అదొక రకం మసక. కనుక మేలైన చోటు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

మీ లెన్సుకు అది ఎక్కడో మీరే కనుక్కోవచ్చు. వార్తాపత్రికను గోడకు చదునుగా అంటించండి. కెమేరాను దాని ఎదురుగా, నిటారుగా, స్టాండు మీద కదలకుండా నిలపండి. ఒకసారి ఫోకస్ చేసి, ఇక దాన్ని ముట్టుకోకండి. రంధ్రం చిన్నదయిన కొద్దీ మీట ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి గనక, చెయ్యి తగలకుండా టైమరు పెట్టి ఒక్కొక్క అంకెకూ ఒక ఫోటో తియ్యండి. తరవాత ఫోటోలను పెద్దవి చేసి, నడిమి అక్షరాలనూ మూలల అక్షరాలనూ పోల్చండి. మూలలు మాత్రమే చెడితే తప్పు లెన్సుది. పెద్ద అంకెల దగ్గర అంతటా ఒకే తీరుగా మెత్తబడితే అది వివర్తనం. అక్షరాలు ఒకే దిక్కుకు సాగితే కెమేరా కదిలిందన్నమాట. ఇలాంటి లెన్సులు చాలావరకు 5.6, 8 ల మధ్య మేలుగా ఉంటాయి.

అయినా 16 ఎప్పుడూ వాడరాదని కాదు. దగ్గరి పువ్వూ, దూరపు కొండా రెండూ తేటగా రావాలంటే చిన్న రంధ్రం కావలసిందే. అప్పుడు బొమ్మంతా కాస్త మెత్తబడినా, కొండ పూర్తిగా అలుక్కుపోవటం కంటె అది నయం.