మెసేజ్ చివర వేలాడే పొల్లు: కీబోర్డు దాన్ని దాచొద్దు, పూరించొద్దు

“టోలి మసీదు కాడ దిగిన. బండి పంప్”

కార్వాన్ నుంచి మా తమ్ముడు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఇది. చివర ‘ప’ మీద తలకట్టు లేదు, దాని బదులు పొల్లు వేలాడుతోంది. మాట సగంలో ఆగిందని చూడగానే తెలిసిపోతుంది. కానీ ఏ మాట? ‘పంపు’ అయితే బండి బయల్దేరాలి. ‘పంపకు’ అయితే బయల్దేరకూడదు. ‘పంపిన’ అయితే బండి వాడే పంపేశాడు. అదీ కాక ‘పంప్’ అంటే పెట్రోల్ పంప్ కూడా కావచ్చు, అప్పుడు అది సగం మాటే కాదు. ఫోన్ చేసి అడిగితే తేలింది: “పంపకు, ఆటో దొరికింది.”

ఇలాంటి చోట చాలామంది “కీబోర్డే ఊహించి పూర్తి చేసేస్తే పోలా?” అంటారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పొల్లు ఒక సమాచారం. దాన్ని చదవడం తెలిస్తే మెసేజ్ ఎక్కడ, ఎందుకు ఆగిందో సగం చెప్పేయొచ్చు.

ముందు ఫోన్ దృష్టిలో పొల్లు అంటే ఏంటో చూద్దాం. యూనికోడ్‌లో దాని నంబర్ U+0C4D. మనం ‘స్తు’ని ఒక్క అక్షరంగా చూస్తాం. ఫోన్ మాత్రం స, పొల్లు, త, కొమ్ము అని నాలుగుగా దాచుకుంటుంది. అంటే ఒత్తులకి విడిగా కోడ్ లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా మారుతుంది. ఏమీ రాకపోతే పొల్లు అలాగే పైన కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ పొల్లు ఎలా వచ్చిందన్నది కీబోర్డు రకం మీద ఆధారపడి ఉంటుంది.

ఇంగ్లీష్ అక్షరాలు కొడుతుంటే అక్కడికక్కడే తెలుగు చేసే కీబోర్డులు ఒక రకం. లేఖిని పద్ధతిలో `paMp` అని కొట్టగానే తెర మీద ‘పంప్’ వస్తుంది, ఎందుకంటే అచ్చు ఇంకా రాలేదు. తర్వాత `u` కొడితే ‘పంపు’, `aku` కొడితే ‘పంపకు’. ఇక్కడ పొల్లుని ఎవరూ కావాలని పెట్టలేదు. ప్రతి హల్లు తర్వాతా అది ఒక క్షణం కనిపించి పోతుంది. ఆ క్షణంలో సెండ్ నొక్కితే పొల్లు మిగిలిపోతుంది. కాబట్టి ఈ రకంలో వేలాడే పొల్లు అంటే సాధారణంగా “అచ్చు రావాల్సి ఉంది” అని అర్థం.

ఇన్‌స్క్రిప్ట్ లాంటి, తెలుగు అక్షరాలు నేరుగా ఉండే కీబోర్డు ఇంకో రకం. అందులో పొల్లుకి సొంత మీట ఉంటుంది. ‘పంపు’ రాయాలంటే ప, సున్న, ప, కొమ్ము, అంతే. మధ్యలో పొల్లు ఊసే రాదు. ‘పంపకు’కీ అంతే. కాబట్టి ఇక్కడ ‘పంప్’ కనిపించిందంటే, వేలు పొరపాటున తగిలితే తప్ప, రాసేవాడు పొల్లు మీటని కావాలనే నొక్కాడు. అయితే ఒత్తు రావాలి, లేదా మాట అక్కడితో అయిపోయింది, అంటే పెట్రోల్ పంపే. ఒకటే గుర్తు, రెండు కీబోర్డుల్లో రెండు అర్థాలు! మా తమ్ముడు వాడేది మొదటి రకం. అందుకే అక్కడ ఆగింది అచ్చు అని చూడగానే అనుమానించొచ్చు. ఏ అచ్చు అన్నది మాత్రం వాడే చెప్పాలి.

మరి చివర పొల్లు ఉన్న ప్రతి మాటనీ సగం మాటగా లెక్కేసి హెచ్చరిక చూపిస్తే? అదీ కుదరదు. అచ్చ తెలుగు మాటలు దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి గానీ మనం రోజూ రాసే బస్, ఫోన్, ఛార్జర్ అలా కాదు. ‘కార్వాన్’నే చూడండి. వర్తక బిడారుని చెప్పే పర్షియన్ మాట, చివర నకారప్పొల్లు. కీబోర్డు దీన్ని సగం మాట అనుకుంటే ఆ ఏరియా వాళ్లు అడ్రస్ రాసిన ప్రతిసారీ తిట్టుకుంటారు.

ఇదే మాటకి ‘లో’ చేర్చితే ఇంకో తిరకాసు. నేరుగా కొడితే ‘కార్వాన్లో’ అని న కింద ల ఒత్తు పడుతుంది. ‘కార్వాన్‌లో’ అని విడిగా నిలబడాలంటే మధ్యలో కనిపించని U+200C అనే గుర్తు పెట్టాలి. 2018లో ఐఫోన్లని కుప్పకూల్చిన ‘జ్ఞా’ మెసేజ్ గుర్తుందా? అందులో ఉన్నది కూడా ఈ కనిపించని గుర్తే, కాకపోతే ఉండకూడని చోట. ఆ ఏడాది ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది.

మనిషి మొత్తం టైప్ చేసినా పొల్లు వేలాడే సందర్భం ఇంకోటి ఉంది. యాప్ తనే మెసేజ్‌ని కత్తిరించడం. నోటిఫికేషన్‌లో చోటు సరిపోక, డెవలపర్ కోడ్ లెక్కన కోశాడనుకుందాం.

```
"పంపిస్తున్నా".slice(0, 6)  // "పంపిస్"
"పంపిస్తున్నా".slice(0, 5)  // "పంపిస"
```

మొదటిదాంట్లో పొల్లు మిగిలింది కాబట్టి ఏదో తెగిందని మనకి తెలుస్తుంది. రెండోదాంట్లో కత్తి సరిగ్గా పొల్లుకి ముందు పడింది. చివర నిండు ‘స’ కనిపిస్తుంది, రాసినవాడు ఎప్పుడూ రాయని అక్షరం. వేలాడే పొల్లు కన్నా మాయమైన పొల్లే ప్రమాదం అని నేననేది ఇందుకే. మామూలు ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే లెక్క. తెలుగులో ఒక దానికి 70 కోడ్లే పడతాయి, అక్షరాలు కాదు.

దీనికి మందు ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1, తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడదీయకూడదనే నియమాన్ని చేర్చింది. దాని ప్రకారం ‘పంపిస్తున్నా’ అంటే పం, పి, స్తు, న్నా అనే నాలుగు ముక్కలు. అంతకుముందు లెక్కలో స్, తు వేర్వేరుగా ఆరు వచ్చేవి. కొత్త బ్రౌజర్లలో `Intl.Segmenter` వాడితే ఈ పని అదే చేసిపెడుతుంది. కానీ ఈ నియమం కత్తిరింపుని మాత్రమే సరిచేస్తుంది. సెండ్ తొందరగా నొక్కిన ‘పంప్’ని అది పట్టుకోలేదు, పట్టుకోవాలని ఆశించకూడదు కూడా.

పట్టుకోగలిగింది మొదటి రకం కీబోర్డు ఒక్కటే. అచ్చు కోసం ఎదురుచూస్తున్నానని దానికి మాత్రమే తెలుసు. అలాంటప్పుడు చివరి అక్షరం కింద గీత గీసి “ఇంకా అవ్వలేదు” అని చూపిస్తే చాలు. తనంతట తాను ‘ఉ’ తగిలిస్తే మాత్రం ‘పంపకు’ కాస్తా ‘పంపు’ అయిపోతుంది. అలా వచ్చిన మెసేజ్ తప్పని అవతలివాళ్లకి అనుమానం కూడా రాదు.

అందుకే తెలుగు కీబోర్డుకి రేటింగ్ ఇచ్చే ముందు మూడు పరీక్షలు చేయాలంటాను. ‘పంప్’ దగ్గర ఆపి సెండ్ నొక్కండి, ఉన్నది ఉన్నట్టే వెళ్లాలి. ‘కార్వాన్‌లో’ అని రాయండి, ఒత్తు పడకుండా రాయడానికి తేలికైన దారి ఉండాలి. పొడవాటి మెసేజ్ పంపి నోటిఫికేషన్‌లో ఎక్కడ తెగిందో చూడండి, మూడో పరీక్షలో తప్పు కీబోర్డుది కాదు, యాప్‌ది. మొదటి రెండూ తప్పిన కీబోర్డుకి థీములు ఎన్ని ఉన్నా నేను మార్కులు వేయను.