బొమ్మ చూసి జేబు ఖాళీ చేసుకోవద్దు!

ఫోన్ కొనబోతున్న అన్నల్లారా, అక్కల్లారా, తమ్ముళ్లారా!

పండగ ఆఫర్ వచ్చింది. షాపు గోడ మీద స్పీడు చార్టు, అందులో రెండు బార్లు. ఒకటి పాత మోడల్, ఒకటి కొత్త మోడల్. కొత్తది రెండింతల ఎత్తు! ఇంకేం, పదివేలు ఎక్కువైనా పర్లేదు, ఈఎంఐ పెట్టేయమంటాం. ఆ ఈఎంఐ కట్టేదెవరు? మనమే! పిల్లల ఫీజులోంచి, ఇంటి సరుకుల్లోంచి!

ఆగండి! బార్ల అడుగున ఏ అంకె ఉందో చూడండి. పాతదాని స్కోరు 9,50,000, కొత్తదానిది 10,00,000 అనుకుందాం. బార్లు గీసింది సున్నా నుంచి కాదు, 9,00,000 నుంచి! అందుకే ఒకటి 50,000 ఎత్తు, ఇంకోటి లక్ష ఎత్తు. కంటికి రెండింతలు. లెక్కకి ఐదు శాతం చిల్లర! వాట్సాప్ తెరిస్తే ఆ తేడా మీకు తెలుస్తుందా? తెలీదు! కిస్తీ మాత్రం నెలనెలా తెలుస్తుంది!

పోనీ, ఆ స్కోరైనా ఎప్పటిది? చాలావరకు చల్లగా ఉన్న ఫోన్ మీద ఒక్కసారి తీసింది! మన వాడకం అలా ఉంటుందా? మే ఎండలో బండికి ఫోన్ తగిలించుకుని డెలివరీలు తిరిగే తమ్ముణ్ణి అడగండి. ఫోన్ బాగా వేడెక్కిందంటే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్ని పట్టుకోడానికే 3డీమార్క్‌లో 'వైల్డ్ లైఫ్ స్ట్రెస్ టెస్ట్' ఉంది. గేముల్లాంటి బొమ్మలతో ఒకే పరీక్ష, ఆపకుండా 20 రౌండ్లు, 20 నిమిషాలు. ఒక ఫోన్ 10,000తో మొదలై 6,000కి పడిపోయిందనుకోండి. ఇంకోటి 8,500తో మొదలై 8,000 దగ్గర నిలబడింది. చార్టులో గెలిచేది మొదటిది. గంటసేపు ఆడేవాడి చేతిలో గెలిచేది రెండోది!

పెద్ద కంపెనీ కదా, మోసం ఉండదంటారా? 2022 గుర్తు చేసుకోండి! సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ ఫోన్లలోని ఒక సాఫ్ట్‌వేర్ గేముల వేగాన్ని, యాప్‌ల వేగాన్ని తగ్గిస్తూ, బెంచ్‌మార్క్ యాప్‌లను మాత్రం ముట్టుకోలేదు. అది బయటపడ్డాక గీక్‌బెంచ్ ఎస్10 నుంచి ఎస్22 వరకు ఆ ఫోన్లను తన చార్టులోంచి తీసేసింది. పరీక్షకో వేగం, మనకో వేగం! ఇది న్యాయమా?

అందుకే డబ్బు తీసేముందు అందరం అడుగుదాం!

బారు సున్నా నుంచి మొదలైందా?

రెండు ఫోన్లకూ పెట్టింది ఒకే టెస్టు, ఒకే వెర్షనా? ఆన్‌టుటు 9 స్కోరు పక్కన ఆన్‌టుటు 10 స్కోరు పెడితే ఆ పోలిక చెల్లదు!

ఇరవయ్యో రౌండులో స్కోరెంత?

రివ్యూల్లో 4.5 స్టార్లు ఇచ్చింది ఎంతమంది? పెట్టె విప్పిన రోజా, మూడు నెలలు వాడాకా?

జవాబు రాలేదా? జేబులోంచి చెయ్యి తీయకండి! పక్కవాళ్లనీ తీయనివ్వకండి!

— మీలాగే కిస్తీలు కట్టేవాళ్లం