బోర్డు మార్చండి, పేరు జోలికి పోకండి



మన సభ్యుడొకరికి రంగనాథన్ వీధిలో పాత్రల అంగడి ఉంది. బేరాలు తగ్గాయని, తాత పెట్టిన పేరు తీసేసి ఇంగ్లీషు పేరు పెడదామంటున్నాడు కొడుకు. మొన్న సంఘంలో కొందరు సరేనన్నారు. నేను ఒప్పుకోను.

బేరాలు పేరు వల్లే తగ్గాయా? వారం రోజులు బిల్లు వేసే చోట కూర్చుని, వచ్చినవాళ్లను ఎలా వచ్చారో అడగండి. ఎక్కువమంది పేరు విని వస్తే ఆ పేరే మీ ఆస్తి. పేరు తెలిసినా బోర్డు కనబడక వెతికామంటే, అక్షరాలూ రంగూ మారిస్తే చాలు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం చూడండి. 2007లో కంపెనీ పేరుకు 'హెల్త్ కేర్' చేరింది, 'అమృతాంజన్' పోలేదు. శానిటరీ నాప్‌కిన్లు వేరే సరుకు కాబట్టి వాటికి 'కంఫీ' అని వేరే పేరు పెట్టారు.

చట్టమూ ఈ తేడా చూస్తుంది. రిజిస్టరైన ట్రేడ్‌మార్క్‌లో, దాని గుర్తింపు చెడని చిన్న మార్పుకు 1999 చట్టం 59వ సెక్షన్ వీలిస్తుంది. పేరే మారిస్తే మళ్లీ కొత్త దరఖాస్తు. పాత పేరు ఐదేళ్లకు పైగా వాడకపోతే, రిజిస్టరు నుంచి తీసేయమని ఇంకొకరు అడగవచ్చు.

టైపు ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు పెట్టి కంప్యూటర్ నేర్పితే పేరు అబద్ధం. అప్పుడు మార్చాల్సిందే. ఈ అంగడిలో ఇప్పటికీ పాత్రలే కదండీ అమ్ముతున్నారు?