సంక్రాంతికి అంటింది, రథసప్తమికి బయటపడింది

శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యనారాయణస్వామికి చర్మరోగాలు బాగుచేస్తాడని పేరు. ఒంటినిండా పొక్కులతో, గోకి గోకి పుండ్లు పడ్డ చేతులతో ఉన్న చంటిపిల్లలను అక్కడికి మొక్కు మీద తీసుకొస్తారు. తలనీలాలిచ్చి, ఇంద్ర పుష్కరిణిలో స్నానం చేయిస్తే పోతుందంటారు. తగ్గిన పిల్లలూ ఉన్నారు. "మరి తగ్గింది కదా బాబూ" అనే అమ్మమ్మను వెక్కిరించి ఊరుకుంటే లాభం లేదు. ఎందుకు తగ్గినట్టు కనిపించిందో ఆవిడకు చెప్పగలగాలి. గజ్జి విషయంలో ఆ జవాబు క్యాలెండర్‌లోనే దొరుకుతుంది.

2024 క్యాలెండరే తీసుకుందాం. ఆ ఏడు సంక్రాంతి జనవరి 15న వచ్చింది. వలసపోయిన వాళ్లంతా పండక్కి ఊరు చేరారు. తాతగారింట్లో ఒకే చాప మీద ఏడెనిమిది మంది పిల్లలు ఒకరినొకరు అతుక్కుని పడుకున్నారు. ఇలాంటి ఇల్లు ఈ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఆ పిల్లల్లో ఒకడికి గజ్జి ఉందనుకోండి. ఆ రాత్రే పురుగు పక్కవాడి ఒంటి మీదికి పాకుతుంది. కానీ దురద ఆ రాత్రి మొదలవదు. పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంటే, ఆ గుడ్లు, దాని మలం తనవి కావని ఒళ్లు గుర్తుపట్టడానికి, మొదటిసారి అయితే, మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఫిబ్రవరిలో. ఆ ఏడు రథసప్తమి ఫిబ్రవరి 16న పడింది.

ఈ నెల రోజులూ పిల్లడు చక్కగా అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో వెళ్లాడు, అక్కడి పిల్లల పక్కన పడుకున్నాడు, వాళ్లకూ అంటించాడు. దురద మొదలయ్యాక ఇంట్లో వాళ్లు వెతికే కారణాలు మాత్రం నిన్నటివి, మొన్నటివి. "రేతిరి ఎండుసేపల కూర పెట్టినావు, అందుకే గోకుతున్నాడు గుంటడు" అంటుంది అత్త. కోడలు స్కూలు మీద పెడుతుంది. స్కూల్లోనేమో ఫలానా పేటవాళ్ల పిల్లల వల్లనే అంటారు. ఈ మూడో మాటంటేనే నాకు ఒళ్లు మండుతుంది. నెల కిందట తాతగారి చాప మీద అంటుకున్నదానికి, నిన్న పక్కన కూర్చున్న బీదపిల్ల మీద నేరం మోపుతారు.

పురుగు ఎక్కడుంటుందో మన అమ్మమ్మల్లాంటి వాళ్లే మొదట పట్టుకున్నారు. ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు 1687లోనే గజ్జికి కారణం ఈ పురుగేనని రాశారు. పెద్ద డాక్టర్లు నమ్మలేదు. 1812లో పారిస్‌లో గాలెస్ అనే ఆయన చూపించిన పురుగు జున్నుకు పట్టే పురుగని తర్వాత తేలి, అసలు పురుగే లేదనే వాదం బలపడింది. చివరకు 1834లో కోర్సికా దీవి నుంచి వచ్చిన రెనూచీ అనే విద్యార్థి, తమ ఊరి ఆడవాళ్లు సూదితో పురుగు తీసే తీరును పారిస్ ఆస్పత్రిలో అందరి ముందూ చేసి చూపించాడు. చీముపొక్కులో వెతికితే అది దొరకదు. సన్నని గీతలాంటి సొరంగం చివర ఉంటుంది.

మీరూ ఆ గీత కోసమే చూడండి. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ వెతకాలి. పెద్దవాళ్లకు ముఖం మీద రాదు గానీ రెండేళ్ల లోపు పిల్లలకు తల, ముఖం, అరచేతులు, అరికాళ్ల మీద కూడా వస్తుంది. దురద రాత్రిళ్లు ఎక్కువ. ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అనుమానం గట్టిపడినట్టే. దీన్ని "అమ్మోరు" అనుకుని స్నానం మానిపించే ఇళ్లూ ఉన్నాయి. ఆటలమ్మ అయితే జ్వరంతో వస్తుంది, నీటిపొక్కులు వారం పది రోజుల్లో ఎండిపోతాయి. వారాల తరబడి పోని దానికి వేపమండలు కట్టి ప్రయోజనం లేదు.

మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. రెండు నెలలు దాటిన పిల్లలకు వాడతారు. ఇంకా చిన్నవాళ్లయితే డాక్టరు చెప్పాలి. రాత్రి పడుకునేముందు, ఒళ్లు చల్లగా పొడిగా ఉన్నప్పుడు, పొక్కులున్న చోటే కాకుండా ఒళ్లంతా పూయాలి. చిన్నపిల్లలకు తలకూ, చెవుల వెనకా కూడా. కళ్లు, నోరు వదిలేయాలి. రెండు మూడేళ్ల పిల్లకు 30 గ్రాముల ట్యూబులో సుమారు నాలుగోవంతు సరిపోతుంది. వేళ్లు నోట్లో పెట్టుకోకుండా చేతులకు మేజోళ్లు తొడగండి. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలయ్యాక కడిగేసి, వారానికి మళ్లీ ఒకసారి పూయాలి. పీచుతో తోమడం, సలసలకాగే వేపనీళ్లు పోయడం వద్దు. పుండు మీద అవి హింస.

ఎక్కువ ఇళ్లలో మందు ఎందుకు ఓడిపోతుందంటే, దురద ఉన్నవాళ్లే పూసుకుంటారు. నాయనమ్మకు దురద లేదు కాబట్టి పూసుకోదు. ఆమె మాత్రం మనవడిని పక్కలో వేసుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి, చాపలు తగలబెట్టనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, గజ్జి రోగులు వాడిన దుప్పట్లలో మనుషులను పడుకోబెట్టి చూస్తే చాలా కొద్దిమందికే అంటింది. ఒంటికి ఒళ్లు తగలడమే దాని అసలు దారి.

ఇప్పుడు స్వామి మహిమ దగ్గరికి వద్దాం. మందుతో పురుగు చచ్చినా, చచ్చిన పురుగు, గుడ్ల తాలూకు చెత్త చర్మంలోనే ఉంటుంది. అది రాలిపోయేదాకా, రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మొదటి వారం చూసి "మందు పనిచెయ్యనేదు" అంటారు. కొందరు రోజూ పూసి చర్మాన్ని మరింత మండిస్తారు. ఇంకొందరు అరసవల్లి వెళతారు. మూడోవారంలో దురద పోతుంది. పేరు స్వామికి వస్తుంది, పని చేసింది ట్యూబు. మందు వాడకుండా పుష్కరిణిలో మాత్రమే ముంచిన పిల్లల సంగతి ఎవరూ చెప్పుకోరు. నాలుగు వారాల తర్వాత కూడా కొత్త పొక్కులు వస్తుంటే మాత్రం మందు సరిగా పడలేదనో, ఇంట్లో ఎవరో పూసుకోలేదనో లెక్క.

తలనీలాలతో పేలు తాత్కాలికంగా పోతాయి, అది నిజం. కానీ ఇంట్లో అక్క తలలో ఉన్నవి జుట్టు మొలవగానే తిరిగి వస్తాయి. తడిజుట్టుకు నూనె రాసి, పేల దువ్వెనతో నాలుగు రోజులకోసారి రెండు వారాలు ఇంట్లో అందరికీ దువ్వితే చాలు. ఈపులు పొదిగేది వారం పది రోజుల్లో గనక ఆ గడువు. కిరసనాయిలు పొయ్యడం మాత్రం నేరం. నిప్పు అంటుకోవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

తలమీద తామర, అంటే గుండ్రంగా జుట్టు రాలి పొట్టు లేచేది, గుండు చేయించినా పోదు. పైపూతా చాలదు, డాక్టరు చెప్పిన మాత్ర కొన్ని వారాలు పడాలి. కత్తి అందరికీ ఒకటైతే అదే పక్కవాడికి అంటించవచ్చు. మందుల షాపులో ఇచ్చే మూడు మందులు కలిపిన క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద అణిగి, తామరా గజ్జీ లోలోపల పాకుతాయి. ఒక రకంగా ఇదీ మూఢనమ్మకమే, తెల్లకోటు వేసుకున్నది.

గోకిన పుండ్లు చీముపట్టి, తర్వాత పిల్లల ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ చీములోని క్రిమి వల్ల మూత్రపిండాలు వాయవచ్చు. ఇది ఉద్దానం కిడ్నీ జబ్బు కాదు, వేళకు చూపిస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందం చూడాల్సిన వాటిలో గజ్జి, తామర కూడా ఉన్నాయి. వాళ్లు వచ్చిన రోజున పిల్లను దాచకండి, చొక్కా విప్పి చూపించండి. అరసవల్లి మొక్కు ఉంటే తీర్చుకోండి, కానీ ఇంటిల్లిపాదీ రెండుసార్లు మందు పూసుకున్నాక బయల్దేరండి.