“మాట్లాడరాదు” అన్న తరువాత చెప్పవలసిన మాట

వ్రాత పరీక్ష మొదలు కాబోయే ముందు ఇన్విజిలేటరు గది ముందు నిలబడి నాలుగు మాటలు చదివి వినిపించడం ఆచారం. ఆ నాలుగు మాటలూ చాలాచోట్ల నిషేధాలే. చీటీలుంటే బయట పెట్టండి, సెల్‌ఫోన్లు ఇచ్చివేయండి, తల త్రిప్పరాదు, మాట్లాడరాదు. ఇవన్నీ అవసరమే, కాదనను. కాని నిజాయితీగా వ్రాయవచ్చిన విద్యార్థికి సందేహం కలిగితే ఏమి చేయాలో ఆ ప్రకటనలో చెప్పకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం. ఆ లోపం నేను కూడా చేసినవాడినే.

కొన్నేళ్ల క్రిందట ఒక డిగ్రీ పరీక్షా కేంద్రంలో నాకొక గది అప్పగించారు. ఆ గదిలో కొత్త సిలబసు వారితోబాటు, వెనుకటి సంవత్సరం తప్పిన పేపరు మళ్లీ వ్రాస్తున్న పాత సిలబసు విద్యార్థి ఒకడున్నాడు. సబ్జెక్టు పేరు ఒకటే. పేపరు కోడు మాత్రం వేరు. నేను చూచుకోకుండా అతనికి కొత్త సిలబసు పత్రమే ఇచ్చాను. అతడు యాభై నిమిషాలు తెలిసీ తెలియని జవాబులతో కుస్తీపట్టి, చివరకు భయపడుతూ చేయి ఎత్తాడు. “మొదటే ఎందుకు అడగలేదు నాయనా?” అంటే, “మాట్లాడితే పేపరు లాక్కుంటామన్నారు కదా సార్!” అన్నాడు. అన్నది నేనే.

ఛీఫ్ సూపరింటెండెంటుగారికి కబురు పంపగా సరియైన పత్రం వచ్చింది. కాని పోయిన కాలాన్ని తిరిగి ఇచ్చే అధికారం నాకు లేదు. జరిగినది కాగితం మీద పెట్టి పైకి పంపడం ఒక్కటే నా చేతిలో ఉన్నది. మూడు గంటలు, అంటే నూట ఎనభై నిమిషాలు, అయిదు వ్యాసరూప ప్రశ్నలకు పంచితే ఒక్కొక్క దానికి ముప్పదియారు నిమిషాలు. అతనికి మిగిలినవి నూట ముప్పది నిమిషాలు; ఇరువదియారు చొప్పున. చేతకాని విద్యార్థికి ఈ తేడా పెద్దది కాకపోవచ్చు. చదువుకొని వచ్చినవానికి ప్రతి జవాబులోను చివరి పుట కోసుకొని పోయినట్లే.

అందుచేత ప్రకటనలో మొదటి మాట ఇట్లుండాలంటాను: “పత్రం చేతికి రాగానే జవాబు మొదలుపెట్టకండి. దాని మీది పేపరు కోడును మీ హాలు టిక్కెట్టులోని కోడుతో పోల్చి చూడండి. పుటలన్నీ ఉన్నవో లేవో చూడండి. తేడా ఉంటే వెంటనే చేయి ఎత్తండి. అది తప్పు కాదు.” ఈ చివరి మూడు మాటలను మాత్రం తొందర లేకుండా చదవాలి.

ఇక ప్రశ్నలోనే సందేహం వస్తే? ఇక్కడ చాలామంది విద్యార్థులు మమ్మల్ని కఠినులనుకుంటారు. ప్రశ్న భావమేమిటో ఇన్విజిలేటరు వివరించరాదు. ఈ గదిలోని వారికి నేను విప్పి చెబితే, ప్రక్క గదిలోని వారికి అన్యాయం జరిగినట్లే. అయితే ముద్రణ దోషం వేరు సంగతి. సంఖ్య జారిపోయినా, “ఏవేని అయిదు” అని చెప్పి క్రింద నాలుగే ప్రశ్నలిచ్చినా, ఆ మాట ఛీఫ్ సూపరింటెండెంటుగారి ద్వారా పైవారికి చేరాలి. సవరణ వస్తే అన్ని గదులలోను ఒకేరీతిగా ప్రకటించాలి. దానికి కాలం పడుతుంది. కనుక “మీ సందేహం పైకి పంపుతాను, ఈలోగా ఆ ప్రశ్న సంఖ్య వేసి స్థలం వదలి, తరువాతి దానికి పొండి” అని మొదటే చెప్పి ఉంచాలి. సమాధానం వచ్చేదాకా కలం మూసి కూర్చునే అమాయకులను ఎందరినో చూచాను.

మన కళాశాలలో మరొక చిక్కున్నది. ఒకే గదిలో తెలుగు మాధ్యమం వారు, ఉర్దూ మాధ్యమం వారు కూర్చుంటారు. అనువాదంలో ఒక పదం తడబడితే ఏ పాఠం ప్రమాణం? వైద్య విద్యా ప్రవేశానికి జరిగే నీట్ పరీక్షలో 2018 నుండి ఉర్దూ పత్రం కూడా ఇస్తున్నారు. అనువాదంలో సందిగ్ధం కలిగితే ఆంగ్ల పాఠమే ప్రమాణమని దాని నియమావళిలో ముందుగానే అచ్చువేస్తారు. ఆ నియమం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ముందుగా చెప్పారన్నది ముఖ్యం. మన పరీక్షలకు ఏ పాఠం ప్రమాణమో కమిటీవారు కనుగొని, ఆ ఒక్క వాక్యాన్ని ప్రకటనలో చేర్చాలి.

కాలం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఏ గడియారం లెక్కకు వస్తుందో, ఎంత ఆలస్యమైతే లోపలికి రానివ్వరో, ఎప్పటిదాకా బయటికి పోరాదో, చివరి హెచ్చరిక గంట ఎప్పుడో చెబితే చాలు. అయితే గోడ గడియారం ఆగి ఉన్న గదిలో ఈ మాటలు చదవడం హాస్యాస్పదం. ముందు రోజే దానికి సెల్లు వేయించాలి.

ఈ ప్రకటనను ఇన్విజిలేటరు జ్ఞాపకశక్తికి వదలివేయరాదని కమిటీవారికి నా మనవి. ఒక వైపు తెలుగులో, మరొక వైపు ఉర్దూలో అచ్చువేయించి, ప్రశ్నపత్రాల కట్టతోబాటే గదికొక ప్రతి పంపాలి. ఒక భాష చదవలేని ఇన్విజిలేటరు ఆ వైపు చదవడానికి తోటి ఉపాధ్యాయుణ్ణి పిలుచుకోవచ్చు. నేను ఇంట్లో గడియారం పెట్టుకొని తెలుగు భాగం చదివి చూచాను. రెండు నిమిషాలు పట్టింది. ఉర్దూకు మరి రెండు. విద్యార్థులను అయిదు నిమిషాలు ముందుగా కూర్చోబెడితే వ్రాసే కాలంలో ఒక్క నిమిషమైనా పోదు.