ప్రభాత మాంద్యం: తిండియా, నిద్రవేళయా, వెలుగా?

మొదటి పీరియడ్‌లో పాఠం చెప్పే అధ్యాపకులందరికీ తెలిసిన దృశ్యం ఒకటి ఉన్నది. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అన్న గొంతు వినిపిస్తుంది కాని, ఆ గొంతు గల విద్యార్థి ఇంకా తరగతికి చేరుకోలేదేమో అనిపిస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, కలం చేతిలోనే ఉంటుంది, నోటు పుస్తకంలో మాత్రం సగం వాక్యం దగ్గర గీత జారిపోయి ఉంటుంది. అదే విద్యార్థి రాత్రి పదిన్నరకు హాస్టలు వరండాలో క్రికెట్ గురించి వాదిస్తూ కనిపిస్తే, ఉదయం చూసినది ఇతడినేనా అని సందేహం కలుగుతుంది. దీనిని సోమరితనమని కొట్టివేయడం తేలిక. మేము అలా తలచడం లేదు.

కారణమేమని అడిగితే విద్యార్థులు మెస్ తిండి అంటారు. తల్లిదండ్రులు వేళకు పడుకోకపోవడమంటారు. వ్యాయామోపాధ్యాయులు తెల్లవారి వెలుగులో నాలుగడుగులు నడవకపోవడమంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉన్నది. అయితే ఆ మూడింటికీ సమానమైన బరువు లేదు. నిద్రవేళ ప్రధానమనీ, ఉదయపు వెలుగు ఆ వేళను సరిదిద్దే పనిముట్టనీ, తిండి ఈ రెండింటి తరువాతిదనీ మా అభిప్రాయం. అలా అనడానికి గల ఆధారాలను కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది.

మన మెదడు అడుగు భాగంలో, రెండు కళ్ల నుండి వచ్చే నాడులు కలుసుకునే చోటికి కాస్త పైన, బియ్యపు గింజకు మించని ఒక కణసముదాయం ఉన్నది. నిద్రను, మెలకువను, దేహోష్ణాన్ని రోజు పొడవునా నడిపించే గడియారం అదే. ఈ గడియారం సరిగా 24 గంటలకు తిరగదు. హార్వర్డులో చార్లెస్ సైస్లర్ బృందం 1999లో కొలిచి చూడగా సగటున 24 గంటలకు పది పన్నెండు నిమిషాలు పైగా తేలింది. అనగా దానిని దాని మానాన వదిలివేస్తే ప్రతి దినం కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. దానిని నిత్యం సరిచేసేది ముఖ్యంగా వెలుగు. ఆ పనికై కంటిలో ప్రత్యేకమైన కణాలున్నాయని 2002లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది.

ఇక్కడ గ్రహించవలసిన కీలకం ఒకటి. ఎవరూ లేపకుండా సహజంగా మనకు మెలకువ వచ్చే వేళకు సుమారు రెండు గంటల ముందు దేహోష్ణం అన్నిటికంటె తక్కువ స్థాయికి దిగుతుంది. అది మన రాత్రికి అడుగు వంటిది. ఆ సమయాన లేపితే మనిషి లేస్తాడు గాని బుద్ధి లేవదు. ఆ అడుగు దాటిన తరువాత కంటికి సోకిన వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అనగా మరునాడు నిద్ర కూడ, మెలకువ కూడ త్వరగా వస్తాయి. ఆ అడుగుకు ముందు సోకిన వెలుగు దానిని వెనక్కు నెడుతుంది. వెలుగు ఒక్కటే, వేళను బట్టి ఫలితం తారుమారు.

ఒక విద్యార్థిని ఊహించుకుందాము. హాస్టలులో ఉంటాడు, డిగ్రీ రెండవ సంవత్సరం. తరగతులున్న దినాలలో రాత్రి ఒకటిన్నరకు పడుకుని ఉదయం 7 గంటలకు అలారంతో లేస్తాడు. శనివారం రాత్రి రెండున్నరకు పడుకుని ఆదివారం 11 గంటలకు లేస్తాడు. నిద్రకు నడిమి ఘడియ మామూలు దినాలలో నాలుగుంబావు, ఆదివారం ఆరుముప్పావు. తేడా రెండున్నర గంటలు. హైదరాబాదుకు, రియాదుకు మధ్య గడియారాల తేడా కూడ సరిగా అంతే! అనగా ఈ అబ్బాయి ప్రతి శనివారం రాత్రి వీసా లేకుండానే రియాదు వెళ్లి, సోమవారం ఉదయానికి తిరిగి వచ్చి మొదటి పీరియడ్‌లో కూర్చుంటున్నాడు. ఈ స్థితికి జర్మనీకి చెందిన టిల్ రోనెబర్గ్ బృందం 2006లో "సోషల్ జెట్‌లాగ్" అని పేరు పెట్టింది.

ఆదివారం 11 వరకు సాగిన నిద్రలో వారపు బాకీ కొంత ఉన్నది. అది తీసివేసినా ఇతని సహజమైన మెలకువ తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య ఉండగలదు. అప్పుడు ఇతని రాత్రికి అడుగు ఏడు, ఏడున్నర మధ్య పడుతుంది. అలారం మోగేది సరిగా ఆ గోతిలోనే. ఇక ఇతనికి ఇడ్లీకి బదులు కోడిగుడ్డు పెట్టినా, గుడ్డుతోపాటు పాలు ఇచ్చినా ఎనిమిదిన్నరకు బుద్ధి ఎలా వెలుగుతుంది?

తిండినీ నిద్రవేళనూ విడదీసి చూడడానికి మన పాఠకులకు బాగా తెలిసిన సందర్భమే ఒకటి ఉన్నది. రంజాన్ మాసంలో తరగతి గదిలో కునికిపాట్లు ఎక్కువవుతాయి. ఉపవాసం వల్లనే అని అందరూ అనుకుంటారు. కాని ఆ నెలలో మారేది భోజనవేళ మాత్రమే కాదు. తరావీహ్ తరువాత మేలుకోవడం, సహరీకి లేవడం, మళ్లీ పడుకోవడం వల్ల నిద్ర రెండు ముక్కలై వెనక్కు జరుగుతుంది. రియాదులోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయానికి చెందిన నిద్రావైద్యుడు అహ్మద్ బాహమ్మాం బృందం 2013లో ప్రకటించిన పరిశోధనలో నిద్రవేళలను క్రమంగా ఉంచి ఉపవాసం ప్రభావాన్ని మాత్రమే కొలిచారు. పగటి మగత పరికరాల కొలతలో చెప్పుకోదగినంత పెరగలేదు. అందులో పాల్గొన్నవారు కొద్దిమందే గనుక దీనినే తుది తీర్పుగా భావించరాదు. అయినను పగలంతా అన్నం ముట్టకపోయినా మెలకువ నిలిచినదంటే, ఒక పూట పలుచని ఉప్మా మీద మన మగతనంతటినీ మోపడం న్యాయం కాదు.

అలాగని తిండిని తోసివేయడం లేదు. రాత్రి పదకొండుకు కడుపునిండా బిర్యానీ తిని పడుకుంటే పులితేన్పులతో నిద్ర చెదురుతుంది. సాయంత్రం ఆరు దాటిన తరువాత తాగిన చాయ్‌లోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నది. మన విద్యార్థినులలో ఎందరో ఇందులో ఉండవచ్చును. వారికి వెలుగు చికిత్స కాదు. ఇనుము కావలెను.

రెండింటినీ వేరుగా గుర్తించడం ఎలా? గడియారం వెనుకబడినవారి బరువు పదకొండు గంటల ప్రాంతంలో దిగిపోతుంది, రాత్రి పదికి వారంత చురుకైనవారు ఉండరు, సెలవు దినాలలో ఇష్టమైన వేళకు పడుకుని లేస్తే హాయిగా ఉంటారు. రక్తహీనత గలవారికి బరువు సాయంత్రానికీ దిగదు, మేడమెట్లు ఎక్కితే ఆయాసం, కనురెప్ప లోపలి భాగం పాలిపోయి ఉండడం, సెలవులలో కూడ అదే అలసట. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాములకు తక్కువైతే వైద్యుని చూడవలెను. వేళకు పడుకుని ఎనిమిది గంటలు నిద్రించినా అలసట తీరక, పెద్దగా గురక పెట్టేవారు కూడ వైద్యుని వద్దకే వెళ్లవలెను.

మన విద్యార్థికి తిరిగి వద్దాము. ఉత్సాహవంతులెవరైనా ఇతనిని రేపే ఐదున్నరకు లేపి ఆరు గంటలకు మైదానంలో నిలబెడితే ఏమవుతుంది? ఇతని రాత్రికి అడుగు ఏడు తరువాత గదా. ఆ వెలుగు అడుగుకు ముందు పడి గడియారాన్ని ఇంకా వెనక్కు నెట్టగలదు. "తెల్లవారి నడక మాకు పడలేదు సార్" అనేవారిలో కొందరి కథ ఇదే కావచ్చును. సరియైన మార్గం వేరు. మొదటి రెండు మూడు దినాలు ఏడుకే లేచి, ఏడున్నర నుండి అరగంట ఆరుబయట గడపవలెను. తరువాత రెండు మూడు దినాలకొకసారి మెలకువను, వెలుగును, రాత్రి పడకను ఇరవై నిమిషాల చొప్పున ముందుకు జరపవలెను. రెండు గంటలు జరగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చును. ఆదివారం మెలకువ మామూలు వేళకు గంట దాటరాదు. సాధారణంగా ఈ ప్రయత్నం చెడేది ఆ ఒక్క దినానే.

ఆరుబయట అనడంలో ఒక కారణం ఉన్నది. ట్యూబులైటు గల గదిలో వెలుగు రెండు మూడు వందల లక్సులు దాటడం అరుదు. మబ్బు పట్టిన ఉదయాన కూడ మైదానంలో అది వేలలో ఉంటుంది. మన కంటికి గది వెలుతురుగానే తోచవచ్చు, ఆ గడియారానికి మాత్రం అది ముసురు సంధ్యే. సూర్యుని వంక చూడనక్కరలేదు, చూడరాదు కూడ. చెట్టు నీడన పేపరు చదువుకున్నా చాలును.

రాత్రి వెలుగు సంగతి ఇందుకు మరొక వైపు. 2013లో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ రైట్ బృందం ఎనిమిదిమందిని వారం దినాలు విద్యుద్దీపం లేకుండా కొండలలో గుడారాలలో ఉంచింది. వారి జీవగడియారాలు సుమారు రెండు గంటలు ముందుకు జరిగాయి. ఆలస్యంగా నిద్రించే అలవాటు గలవారిలో మార్పు మరీ ఎక్కువ. పగలు గుడారంలో పుష్కలంగా వెలుగు, రాత్రి చీకటి. మన హాస్టలులో పగలు కిటికీలకు పాత పేపర్లు అంటించిన చీకటి, రాత్రి నడినెత్తిన ట్యూబులైటు, ముఖానికి జానెడు దూరంలో సెల్‌ఫోను.

అయితే వెలుగు నిద్రకు బదులు కాజాలదు. పై విద్యార్థికి దక్కుతున్నది ఐదున్నర గంటల నిద్ర. ఆ వయస్సుకు ఏడు నుండి తొమ్మిది గంటలు అవసరం. మెలకువను ముందుకు జరిపి పడకను జరపనివాడు ఆ ఐదున్నరను నాలుగు చేసుకుంటాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఉదయపు మగతకు విరుగుడుగా హాస్టలు అల్పాహారాన్ని మెరుగుపరచాలని విద్యార్థులు కోరుతున్నారు. మెరుగుపరచండి, అది వారి హక్కు. కాని ఆ ఖర్చుతో మొదటి పీరియడ్ మేలుకుంటుందని ఆశించవద్దు. ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. చదువుగదిని పరీక్షల నెల తప్ప పదకొండుకు మూయించడం, తూర్పు వరండాలో ఉదయం ఏడున్నరకు బల్లలు వేయించి చదువుకోనివ్వడం, కిటికీల పేపర్లు తీయించడం. విద్యార్థినులకు ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించడానికి మాత్రం కొద్దిపాటి సొమ్ము కావలెను. మొదటి పీరియడ్‌ను ఎనిమిదిన్నర నుండి ఎనిమిదికి జరపాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవలసిందిగా కోరుతున్నాము. పదునెనిమిది, ఇరవై ఏండ్ల వయస్సులో ఈ గడియారం స్వభావరీత్యానే పెద్దలకంటె వెనుక నడుస్తుంది. డిసెంబరు, జనవరి నెలలలో మన ప్రాంతంలో సూర్యుడు ఉదయించేది జూన్ కంటె దాదాపు గంట ఆలస్యంగా. ఆ రెండు నెలలు మొదటి పీరియడ్‌ను తొమ్మిదికి పెట్టి, హాజరు పట్టీని, త్రైమాసిక పరీక్ష మార్కులను క్రిందటేటి వాటితో పోల్చి చూడవచ్చును.