స్టాల్ కిరాయి కట్టే ముందు కిలోల లెక్క వేద్దాం

నగరంలో మూడు రోజుల ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే దళారీ లేకుండా అమ్ముకోవచ్చని నిరుడు కందిపప్పు పట్టుకెళ్లాం. తిరిగి వచ్చాక చూస్తే చేతి నుంచి 6,600 రూపాయలు పోయాయి. పప్పు బాగానే ఉంది, మా లెక్కే తప్పింది.

మొదట పప్పు అసలు ఖరీదు చూడాలి. ఇంట్లో పండిందే కదా అని కందులకు విలువ కట్టకపోతే మోసపోతాం. మార్కెట్లో అమ్మితే ఎంత వచ్చేదో అంత కట్టాలి. ఇక్కడ లెక్క కోసం 2025-26 మద్దతు ధర, క్వింటాలుకు 8,000 రూపాయలు తీసుకుంటున్నాను. క్వింటాలు మర పట్టిస్తే మాకు 70 కిలోల పప్పు వచ్చింది. అంటే కిలోకు 114 రూపాయలు. మర కూలి, సంచులు కలిపి మరో 11. మొత్తం 125.

స్టాల్ కిరాయి 6,000. వ్యాను, తిండి, ఇద్దరి మూడు రోజుల కూలి కలిపి ఇంకో 6,000. మేం 400 కిలోలు తీసుకెళ్లాం కాబట్టి 12,000ను 400తో భాగించి, కిలోకు 30 కలిపి 155కు అమ్మాం. అమ్ముడైంది 180 కిలోలే. ఖర్చుకు తిరిగొచ్చింది 5,400 మాత్రమే.

కిరాయిని తీసుకెళ్లిన సరుకు మీద పంచకూడదు, ఖాయంగా అమ్ముడయ్యే సరుకు మీదే పంచాలి. 180 మీద పంచితే కిలోకు 67 పడుతుంది, ధర 192 అవుతుంది. బయట దుకాణంలో 160కి దొరికే పప్పును 192కి ఎవరు కొంటారు? మన కిరాయి కొనేవాడికి అక్కర్లేదు.

అందుకే లెక్క తిరగేసి వేయాలి. జనం ఇచ్చే ధర 160, అసలు 125, మిగిలేది 35. 12,000 రావాలంటే 343 కిలోలు అమ్మాలి. 180 అమ్మగలిగిన మనం ఆ కిరాయి కట్టకూడదు. అదే ముగ్గురు రైతులు పప్పు, కారం, బెల్లం ఒకే స్టాల్‌లో, ఒకే వ్యానులో పెట్టుకుంటే తలా 4,000. అప్పుడు 115 కిలోలు అమ్మితే చాలు.

ఒక్కసారి కట్టాక మాత్రం ఆ డబ్బు పోయినట్టే. చివరి సాయంత్రం ధర తగ్గించాలా అన్నప్పుడు కిరాయి గుర్తు చేసుకోవద్దు. మిగిలిన పప్పుకు ఊళ్లో ఎంత వస్తుందో, దాన్ని వెనక్కి తేవడానికి ఎంతవుతుందో అదొక్కటే చూడాలి.

కొందరు నిర్వాహకులు ఒక స్టాల్‌లో ఒక్కరి పేరే ఒప్పుకుంటారు. ముగ్గురం కలిసి అమ్ముకుంటామని ముందే రాయించుకోవాలి. రైతులకు స్టాల్ మొత్తానికి కాక బల్లకు ఇంత అని కిరాయి పెట్టమని మన సంఘం అడగాలి. అది వచ్చేదాకా రసీదు కోయించుకునే ముందు కిలోల లెక్క వేసుకోవడం మన చేతిలో పనే.